పక్క స్థలం వారు మా హద్దు దాటి పునాది తీశారు: తాత్కాలిక ఇంజంక్షన్ ఎంత త్వరగా తెచ్చుకోవచ్చు?

చంద్రగిరి_వాసి

అందరికీ నమస్కారం. తిరుపతి రూరల్ మండలంలో మా అమ్మగారి పేరిట 1998లో రిజిస్టరైన ఇంటి స్థలం ఉంది. దస్తావేజు ప్రకారం తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60 అడుగులు. ఇల్లు కట్టలేదు కాని, నాలుగు వైపులా రాతి కూసాలు నాటి ముళ్లకంచె వేసి, లోపల టెంకాయ చెట్లు పెంచుకుంటున్నాము. తూర్పు వైపు స్థలాన్ని ఈ మధ్య కొన్నవారు మాకు చెప్పకుండా ఆ వైపు కూసాలు పెరికించి, మా స్థలంలోకి దాదాపు నాలుగు అడుగులు జరిగి, ఆ పొడవునా పునాది గుంతలు తవ్వించారు. మేము వెళ్లేసరికి కూసాలు మట్టి కుప్ప పక్కన పడి ఉన్నాయి, గుంతల్లో కంకర వేసి పిల్లర్లకు కమ్మీ కట్టడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో స్లాబు వేస్తామని మేస్త్రీ చెబుతున్నాడు. పోలీసు స్టేషనుకు వెళితే ఇది సివిల్ విషయమని, కోర్టుకు వెళ్లమని చెప్పారు. కోర్టు నుంచి తాత్కాలిక ఇంజంక్షన్ ఎంత త్వరగా వస్తుంది, అందుకు మేము ఏమేమి సిద్ధం చేసుకోవాలి అన్నది తెలిసినవారు దయచేసి వివరించండి.

తిరుచానూరు_మిత్రుడు

ముందు పంచాయతీకి, తుడా కార్యాలయానికి ఫిర్యాదు ఇవ్వండి. ప్లాను ఆమోదం లేకపోయినా, ఆమోదించిన ప్లానులో చూపిన ఖాళీ స్థలం వదలకపోయినా వారు నోటీసు ఇచ్చి పని ఆపించగలరు. దానికి తోడు కోర్టులో ఒక కేవియట్ వేయండి. కేవియట్ పడితే పక్కవారు ఇక కట్టడానికి వీలుండదు. మా బంధువులు అలాగే చేశారు.

సివిల్_వకీలు_చిత్తూరు

తిరుచానూరు మిత్రుడు గారు చెప్పిన మొదటి మాట కొంతవరకు సరైనదే. ప్లానును అతిక్రమించి కడుతుంటే స్థానిక సంస్థ చర్య తీసుకోగలదు కాబట్టి ఆ ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రశీదు తీసుకోవడం మంచిదే. అయితే హద్దు ఎవరిదన్న ప్రశ్న రాగానే వారు సివిల్ కోర్టులో తేల్చుకోమంటారు. రెండో మాట మాత్రం సరికాదు. కేవియట్ ఏ కట్టడాన్నీ ఆపదు. నా మీద ఎవరైనా దావా వేసి మధ్యంతర ఉత్తర్వు అడిగితే నా మాట వినకుండా ఇవ్వవద్దని కోర్టును ముందుగా కోరడమే కేవియట్. ఈ పరిస్థితిలో అది కట్టుకుంటున్న పక్కవారికి పనికివస్తుంది, ఆపాలనుకునే మీకు కాదు.

చంద్రగిరి వాసి గారికి అసలు మార్గం ఇది. స్థలం ఉన్న పరిధిలోని సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ కోసం దావా వేయాలి. దావా లేకుండా తాత్కాలిక ఇంజంక్షన్ ఒక్కటే అడగడానికి వీలులేదు. ఆ దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 1, 2 రూల్స్ కింద మధ్యంతర దరఖాస్తు, దానికి మద్దతుగా అమ్మగారి అఫిడవిట్ దాఖలు చేయాలి. మామూలుగా కోర్టు అవతలివారికి నోటీసు ఇచ్చిన తరువాతే ఉత్తర్వు ఇస్తుంది. నోటీసు ఇచ్చేలోగా దావా ఉద్దేశమే దెబ్బతింటుందని జడ్జిగారికి అనిపిస్తే, ఆ కారణాన్ని ఉత్తర్వులో రాసి, నోటీసు లేకుండానే ఇంజంక్షన్ ఇవ్వడానికి 3వ రూల్ అవకాశమిస్తుంది. కాగితాలు సక్రమంగా ఉంటే దావా వేసిన రోజే, లేదా మరునాడు విచారణకు వచ్చే వీలుంది. లోపాలుంటే కార్యాలయం దావాను రిటర్న్ చేస్తుంది, ఆ రోజులు వృథాగా పోతాయి.

మూడు విషయాలు మీరు చూపించాలి. మీ హక్కుకు ప్రాథమికంగా ఆధారం ఉందా? ఇప్పుడు ఆపకపోతే మీకు కలిగే నష్టం, ఆపితే వారికి కలిగే నష్టం కంటే ఎక్కువా? ఆ నష్టం తరువాత డబ్బుతో పూడ్చలేనిదా? మీ విషయంలో రెండోదే బలమైనది. గుంతల దశలో ఆపితే వారికి పోయేది కొన్ని నెలల కాలం. స్లాబు పడిన తరువాత మీరు గెలిస్తే కూలగొట్టించాలి, అందుకు ఏ జడ్జి అయినా ఎంతో వెనుకాడతారు. అందుకే ఈ వారంలోనే కదలండి. పని మొదలైనట్టు తెలిసి కూడా నెలల తరబడి ఊరుకున్నవారికి అత్యవసరం ఉందని కోర్టు నమ్మదు.

చంద్రగిరి_వాసి

ధన్యవాదాలు సార్. మా దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజు, మాకు అమ్మినవారి లింకు దస్తావేజు, ఈసీ ఉన్నాయి. మండల సర్వేయరుతో కొలిపించి, ఆ రిపోర్టు పెట్టి దావా వేద్దామని మా బావగారు అంటున్నారు. అది వచ్చేదాకా ఆగమంటారా?

విశ్రాంత_సర్వేయరు

నేను సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఆగవద్దని నా సలహా, దానికి కారణం కూడా చెబుతాను. ఎఫ్.ఎం.బి. పటంలో సర్వే నంబరు హద్దులు, దాని సబ్‌డివిజన్ల హద్దులు మాత్రమే ఉంటాయి. పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టి అమ్మినప్పుడు ప్రతి ప్లాటుకూ సబ్‌డివిజన్ అయి ఉండదు. గ్రామకంఠమైతే లోపలి ఇళ్ల హద్దులు ఆ పటంలో అసలే ఉండవు. అటువంటి చోట సర్వేయరు వచ్చినా మీ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపగలడు కాని, మీ ప్లాటుకు, పక్క ప్లాటుకు మధ్య గీత ఎక్కడుందో ఆ పటం చూసి చెప్పలేడు. మీది లేఅవుటు అయితే లేఅవుటు ప్లాను నకలు సంపాదించండి, అదే మీకు అసలు ఆధారం. ప్లాను లేకపోతే మీ దస్తావేజులోని కొలతలను, వారి దస్తావేజులోని కొలతలను కలిపి, రోడ్డు మూల నుంచో, ఎవరూ కాదనని మరో పక్కా గుర్తు నుంచో కొలుచుకుంటూ రావాలి. వారి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. అందులో వారి తూర్పు పడమర కొలత ఎంత రాసుకున్నారో చూడండి. వారు కొన్నదే 36 అడుగులై, ఇప్పుడు 40 అడుగుల మేర గుంతలు తీసి ఉంటే, ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

పాత దస్తావేజుల్లో విస్తీర్ణం అంకణాల్లో, పక్క కొలతలు అడుగుల్లో ఉండి, రెండూ లెక్కకు కుదరకపోవడం మన ప్రాంతంలో తరచు చూస్తాము. అటువంటప్పుడు సాధారణంగా విస్తీర్ణం కంటే హద్దులకే విలువ ఎక్కువ. కాబట్టి నాలుగు హద్దులూ దస్తావేజులో ఎలా ఉన్నాయో ఒక్క మాట కూడా మార్చకుండా దావాలో రాయించండి.

సివిల్_వకీలు_చిత్తూరు

సర్వేయరు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను చూసినంతలో ఇటువంటి దావాలు ఎక్కువగా దెబ్బతినేది షెడ్యూలు దగ్గరే. చంద్రగిరి వాసి గారూ, మొత్తం 40కి 60 అడుగుల స్థలాన్ని 'ఏ' షెడ్యూలుగా, తూర్పు అంచున వారు ఆక్రమించిన నాలుగు అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 240 చదరపు అడుగుల పట్టీని 'బి' షెడ్యూలుగా చూపండి. ఒక ప్లాను గీయించి ఆ పట్టీకి రంగు వేసి జతచేయండి. ఆ పట్టీలో ఏ పనీ చేయరాదని మాత్రమే అడగండి. పక్కవారి మొత్తం కట్టడాన్ని ఆపమని అడిగితే, వారి సొంత స్థలంలో కట్టుకోవడాన్ని ఎందుకు ఆపాలని జడ్జిగారు వెంటనే ప్రశ్నిస్తారు. ఆ ఒక్క ప్రశ్నతో విషయం నోటీసుకు వెళ్లిపోతుంది.

సర్వే కోసం ఆగనక్కరలేదు. ఇంజంక్షన్ దరఖాస్తుతో పాటే 26వ ఆర్డరు 9వ రూల్ కింద అడ్వకేట్ కమిషనరును నియమించమని ఇంకొక దరఖాస్తు వేయండి. కమిషనరు స్థలానికి వచ్చి గుంతలు ఎంత లోతున ఉన్నాయి, ఎన్ని పిల్లర్లకు కమ్మీ లేచింది, పెరికిన కూసాలు ఎక్కడ పడి ఉన్నాయి అన్నవి నోట్ చేసి, ఫొటోలు తీసి కోర్టుకు నివేదిస్తారు. తరువాత కట్టడం ఇంకొంచెం లేచినా, ఏ తేదీకి ఏ దశలో ఉందో ఆ నివేదిక చెబుతుంది. స్వాధీనం ఎవరిదో తేల్చమని కమిషనరును అడగవద్దు. సాక్ష్యం సేకరించడానికి కమిషనరును పంపలేమని దరఖాస్తును కొట్టివేస్తారు.

పుత్తూరు_రైతు

నాది కూడా ఇటువంటిదే. మా అన్నదమ్ముల ఉమ్మడి పొలంలో మా చిన్నన్న నాకు చెప్పకుండా షెడ్డు వేస్తున్నాడు. పంపకాలు ఇంకా కాలేదు. ఇక్కడ చెప్పిన పద్ధతిలో నేను కూడా ఇంజంక్షన్ దావా వేస్తే షెడ్డు ఆగుతుందా?

సివిల్_వకీలు_చిత్తూరు

పుత్తూరు రైతు గారూ, మీది వేరే విషయం. పంపకాలు కాని ఆస్తిలో అన్నదమ్ములందరూ సహ యజమానులే, ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే చూస్తారు. మీరు భాగ పరిష్కారం కోసం దావా వేసి, అందులో మధ్యంతరంగా ఆస్తి స్వరూపం మార్చకుండా ఉత్తర్వు అడగాలి. దయచేసి వేరే చర్చగా పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను. ఇక్కడ కలిపితే చంద్రగిరి వాసి గారికి అయోమయంగా ఉంటుంది.

కట్టుబడి_మేస్త్రీ_రేణిగుంట

నేను ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను. రెండో వైపు కష్టం కూడా చెప్పాలని ఈ మాట రాస్తున్నాను. నేను పని పట్టిన ఒక ఇంటి మీద పక్కవారు ఇలాగే ఉత్తర్వు తెచ్చారు. అది తేలేసరికి లేపిన పిల్లర్ల కమ్మీ తుప్పు పట్టింది, సిమెంటు గడ్డకట్టింది, చివరకు హద్దు మావారిదేనని తేలింది. అప్పు తీసుకుని కడుతున్న ఆ యజమాని ఎంత నలిగిపోయాడో కళ్లారా చూశాను. తప్పుడు ఉత్తర్వు తెచ్చినవారి మీద ఏమీ ఉండదా? మరొకటి, హద్దు పక్క వరుస పిల్లర్లు ఆపితే మిగతా ఇల్లు కూడా ఆగినట్టే, స్లాబు బరువు వాటి మీద కూడా ఉంటుంది కదా. పట్టీ వరకే ఆపమన్నాను అంటే కాగితం మీద బాగుంటుంది కాని పని దగ్గర మొత్తం ఆగుతుంది.

సివిల్_వకీలు_చిత్తూరు

మేస్త్రీ గారి మాట న్యాయమైనది, అవతలి వకీలు కూడా కోర్టులో సరిగ్గా ఇదే చెబుతారు. సరైన కారణం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నారని తేలితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షన్ కింద అదే కోర్టులో పరిహారం అడగవచ్చు. అయితే దాని గరిష్ఠ పరిమితి 50,000 రూపాయలు. తుప్పు పట్టిన కమ్మీకి అది సరిపోదన్నది నిజమే. అంతకంటే ముఖ్యమైనది 39వ ఆర్డరు 4వ రూల్. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి నోటీసు లేకుండా ఉత్తర్వు తెచ్చుకుంటే, కోర్టు దాన్ని రద్దు చేయాలి. రద్దు చేయకపోతే అందుకు కారణం రాయాలి.

పిల్లర్ల విషయంలో కోర్టులు కొన్నిసార్లు మధ్యే మార్గం చూస్తాయి. దావా ఓడిపోతే సొంత ఖర్చుతో తొలగిస్తామని, కట్టినందువల్ల ఏ హక్కూ కోరబోమని హామీ పత్రం తీసుకుని కట్టుకోనిస్తాయి. చంద్రగిరి వాసి గారు దీనికి కూడా సిద్ధపడి ఉండాలి. అది మీకు ఓటమి కాదు కాని, స్థలం ఖాళీగా చేతికి వచ్చే అవకాశం దానితో చాలా తగ్గుతుంది.

చంద్రగిరి వాసి గారిని ఒక ప్రశ్న అడగాలి. అమ్మగారు ఈ హద్దు గురించి ఇంతకు ముందు ఎవరి దగ్గరైనా ఏదైనా కాగితం మీద సంతకం చేశారా? ఈ మధ్య ఆమె పేరిట రిజిస్టర్డ్ కవరు ఏదైనా వచ్చిందా?

చంద్రగిరి_వాసి

రెండూ ఉన్నాయి సార్, మీరు అడిగిన తరువాతే అమ్మగారిని కనుక్కున్నాను. నిరుడు ఊరి పెద్దమనుషుల సమక్షంలో ఇరువైపుల వారూ కొలిపించుకుందామని ఒక తెల్లకాగితం మీద రాసుకుని సంతకాలు చేశారట. ఆ కొలత జరగనే లేదు. పోయిన నెల పోస్టుమ్యాన్ ఒక రిజిస్టర్డ్ కవరు తెస్తే, ఎవరు పంపారో తెలియక అమ్మగారు తీసుకోలేదట. పెద్దమనుషుల కాగితం మనకు నష్టమేమో, దాని ప్రస్తావన లేకుండా దావా వేస్తే మేలని బావగారు అంటున్నారు.

సివిల్_వకీలు_చిత్తూరు

దయచేసి దాచవద్దు. ఆ కాగితం నకలు అవతలివారి దగ్గర కూడా ఉంటుంది. కొలవడానికి ఒప్పుకున్నారన్న మాట వల్ల మీ హక్కు ఏమీ పోదు, పైగా కొలవకుండానే గుంతలు తీశారని చెప్పుకోవడానికి అది మీకే ఉపయోగం. దాచితే మాత్రం, హద్దు వివాదం ముందే ఉందని తెలిసి చెప్పలేదని, అబద్ధంతో ఉత్తర్వు తెచ్చుకున్నారని 4వ రూల్ కింద పిటిషన్ వేస్తారు. అప్పుడు జడ్జిగారి నమ్మకం మొత్తం దావా మీదే పోతుంది.

కవరు విషయం ఇంకా ముఖ్యం. కేవియట్ వేసేవారు తాము ఎవరి మీద వేస్తున్నారో వారికి దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. మీకు వచ్చింది అదే కావచ్చు. కోర్టు ఫైలింగ్ సెక్షనులో అమ్మగారి పేరు మీద కేవియట్ ఉందేమో మీ వకీలు గారిని చూడమనండి. అది 90 రోజులు అమల్లో ఉంటుంది. ఉంటే, అవతలివారి మాట వినకుండా ఉత్తర్వు వస్తుందన్న ఆశ వదులుకోండి. దరఖాస్తు, జతచేసిన కాగితాలు వారి వకీలుకు ముందే అందజేసి, సంతకం తీసుకుని, మరునాడే విచారణకు తెచ్చుకోండి. ఇరువైపులా విన్న తరువాత వచ్చిన ఉత్తర్వు నిలబడే అవకాశం కూడా ఎక్కువే.

తిరుచానూరు_మిత్రుడు

కేవియట్ గురించి నేను అనుకున్నది వేరు, వివరించినందుకు కృతజ్ఞతలు. కేవియట్ లేదనుకుందాం. ఉత్తర్వు వచ్చేసింది, ఇక పని ఆగినట్టేనా?

సివిల్_వకీలు_చిత్తూరు

కాదు. నోటీసు లేకుండా ఇచ్చిన ఉత్తర్వుతో పాటు మీ మీద ఒక బాధ్యత కూడా వస్తుంది. ఉత్తర్వు వచ్చిన వెంటనే దరఖాస్తు, అఫిడవిట్, దావా, మీరు ఆధారపడిన కాగితాల నకళ్లు అవతలివారికి అందజేయాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అలా పంపినట్టు అదే రోజు గాని, మరునాడు గాని కోర్టులో అఫిడవిట్ వేయాలి. చాలామంది ఉత్తర్వు వచ్చిన సంతోషంలో దీన్ని వకీలు గుమాస్తాకు వదిలేసి మరిచిపోతారు. అవతలి వకీలు మొదట వెతికేది ఆ అఫిడవిట్ తేదీనే.

ఆ తరువాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, కాపీ వచ్చేలోగానే మీ వకీలు ద్వారా ఉత్తర్వు సారాంశాన్ని యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి. పని దగ్గర మేస్త్రీకి కూడా చెప్పి, ఆ రోజు కట్టడం ఎంత వరకు ఉందో తేదీ తెలిసేలా ఫొటోలు తీసుకోండి. ఉత్తర్వు తెలిసి కూడా కడితే 2ఎ రూల్ కింద వారి ఆస్తిని జప్తు చేయవచ్చు, మూడు నెలల వరకు సివిల్ జైలుకు కూడా పంపవచ్చు. తెలిసిందని నిరూపించాల్సింది మాత్రం మీరే. పోలీసుల సాయం కావాలంటే కూడా కోర్టునే అడగాలి, ఆ ఉత్తర్వు చేతిలో ఉంటే స్టేషనులో ఇది సివిల్ విషయమని తిప్పిపంపలేరు.

ఒక జాగ్రత్త. కోర్టు కేవలం 'యథాతథ స్థితి' అని మాత్రమే ఉత్తర్వు ఇస్తే, ఆ తేదీకి స్థితి ఏమిటో అందులో రాయమని మీ వకీలు గారిని గట్టిగా కోరమనండి. గుంతలు తీసి ఉన్న స్థితా, గుంతలు తీయకముందున్న స్థితా అన్నది రాయకపోతే ఇద్దరూ తమ తమ అర్థం చెప్పుకుంటారు, అంతలో స్లాబు పడుతుంది. శుక్రవారం సాయంత్రం కంకర దింపి, శని ఆదివారాల్లో స్లాబు వేయడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే.

విశ్రాంత_సర్వేయరు

వకీలు గారిని నాకొక సందేహం అడగాలని ఉంది. కూసాలు పెరికి గుంతలు తీసేశారంటే ఆ నాలుగు అడుగుల పట్టీ ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉన్నట్టు? దావా వేసే రోజుకు స్వాధీనం లేనివారికి ఇంజంక్షన్ రాదని విన్నాను.

సివిల్_వకీలు_చిత్తూరు

ఈ దావాలో అసలు చిక్కు మీరు అడిగినదే. 2008లో సుప్రీంకోర్టు అనాథుల సుధాకర్, బుచ్చిరెడ్డి కేసులో దీన్ని వివరంగా చెప్పింది. స్వాధీనం ఉండి హక్కు మీద గట్టి వివాదం లేకపోతే ఇంజంక్షన్ దావా చాలు. స్వాధీనం ఉన్నా హక్కునే కాదంటున్నారంటే, హక్కు ప్రకటన కూడా అడగాలి. స్వాధీనం పోయి ఉంటే, దాన్ని తిరిగి ఇప్పించమని అడగాలి. చంద్రగిరి వాసి గారి విషయంలో మిగతా 36 అడుగులు వారి స్వాధీనంలోనే ఉన్నాయి. ఆ నాలుగు అడుగుల్లోకి అవతలివారు వచ్చి ఎక్కువ కాలం కాలేదు, నిన్న గాక మొన్న గుంతలు తవ్వినంత మాత్రాన స్వాధీనం స్థిరపడినట్టు కాదని వాదించవచ్చు. అయినా నేనైతే 'ఏ' షెడ్యూలుకు ఇంజంక్షన్, 'బి' షెడ్యూలుకు హక్కు ప్రకటన, తవ్విన పని తొలగించి పట్టీని తిరిగి అప్పగించే ఉత్తర్వు కలిపి అడుగుతాను. కోర్టు ఫీజు పెరుగుతుంది. కాని ఆస్తి పాడవకుండా మధ్యంతరంగా ఆపమనడానికి అప్పుడు కూడా 39వ ఆర్డరు కింద వీలుంటుంది.

న్యాయవాది_తిరుపతి

ఆలస్యంగా చర్చలోకి వచ్చాను. సీనియరు గారితో ఒక్కచోట విభేదిస్తాను. ఇప్పుడే హక్కు ప్రకటన అడిగితే, హక్కు వివాదంలో ఉందని మనమే ఒప్పుకున్నట్టు అవతలివారు చెప్పుకుంటారు. మార్కెట్ విలువ లెక్క, ఫీజు, స్క్రూటినీ దగ్గర ఆ విలువ మీద అభ్యంతరం, వీటితో ఒకటి రెండు రోజులు పోతాయి. స్లాబు దగ్గర పడినప్పుడు ఆ రోజులే ప్రాణం. నేనైతే ముందు ఇంజంక్షన్ దావా వేసి ఉత్తర్వు తెచ్చుకుని, వారు కౌంటరులో హక్కును కాదంటే అప్పుడు దావాను సవరించుకుంటాను.

సివిల్_వకీలు_చిత్తూరు

సవరణకు కోర్టు ఒప్పుకుంటుందన్న నమ్మకంతో అలా చేసేవారు ఉన్నారు, తప్పు అనను. స్వాధీనం విషయంలో తడబాటు కనిపిస్తే మొదటి రోజే ఉత్తర్వు రాకపోవచ్చన్నది నా భయం. వారి దస్తావేజు కాపీలో కొలత ఎంత ఉందో చూసిన తరువాతే రెండింటిలో ఏదన్నది నిర్ణయించాలి.

చంద్రగిరి_వాసి

సర్వేయరు గారు చెప్పినట్టు వారి దస్తావేజు కాపీ తీయించాను. తూర్పు పడమర 37 అడుగులని ఉంది, పడమటి హద్దుగా మా అమ్మగారి పేరే రాసి ఉంది. కేవియట్ కూడా ఉందని మా వకీలు గారు కనుక్కున్నారు. ఈ రోజు దావా, ఇంజంక్షన్ దరఖాస్తు, కమిషనరు దరఖాస్తు వేసి, పెద్దమనుషుల కాగితం కూడా జతచేసి, అవతలి వకీలు గారికి నకళ్లు ఇచ్చి సంతకం తీసుకున్నాము. రేపు విచారణకు వస్తుంది. హక్కు ప్రకటన కూడా కలిపే వేశారు. వారి నాలుగు అడుగుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మాకు ఇంకా అర్థం కావడం లేదు. 37 అడుగులు కొన్నవారు 41 అడుగులకు పైగా ఎలా తవ్వారు, లేక వారి తూర్పు వైపు ఎవరైనా జరిగి వచ్చారా?

విశ్రాంత_సర్వేయరు

అదే చూడాలి. వారి తూర్పు పక్కవారు కూడా లోపలికి జరిగి ఉంటే, వీరు పోయిన కొలతను మీ వైపు నుంచి పూడ్చుకుంటున్నారు. అటువంటప్పుడు వారి గుంతలను ఒక్క మీ హద్దు నుంచి కొలిస్తే విషయం బయటపడదు. కమిషనరు వచ్చినప్పుడు వీధి తూర్పు మూల నుంచి మొదలుపెట్టి ప్లాట్లన్నీ వరుసగా కొలవమని, అందుకు సర్వేయరు సాయం కూడా కావాలని రేపే రాతపూర్వకంగా అడగండి.

సివిల్_వకీలు_చిత్తూరు

అవును, కమిషనరు వారంటులో ఆ మాట చేర్పించుకోవాలి. లేకపోతే కమిషనరు వివాదం ఉన్న పట్టీ దగ్గరకే వచ్చి వెళ్లిపోతారు. తూర్పు చివరి ప్లాటు యజమాని దావాలో పార్టీ కాకపోతే వారి స్థలంలోకి వెళ్లి కొలవడానికి అభ్యంతరం రావచ్చు, అందువల్ల కొలత రోడ్డు వైపు ముఖాల వరకే పరిమితం చేయమని అడగండి. రేపు ఏ ఉత్తర్వు వచ్చిందో, దాని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాయండి.